ఫ్రిజ్ బాగు చేయించాలా, కొత్తది కొనాలా: ఏడాది లెక్క

ప్రశ్న: మాది దేవరకొండ. సింగిల్ డోర్ ఫ్రిజ్, 190 లీటర్లది, తీసుకొని తొమ్మిదేండ్లయింది. పది రోజుల సంది చల్లగ అయితలేదు, ఐస్ గడ్తలేదు. మోటరు మాత్రం ఆగకుండ నడుస్తనే ఉంది. మెకానిక్ చూసి కంప్రెసర్ పోయింది, 6,500 అయితయన్నడు. నల్గొండల కొత్తది 16,000 చెప్తున్నరు. బాగు చేయిపియ్యాల్నా, కొత్తది తీసుకోవాల్నా? ఎట్ల లెక్క చూడాలె?

సమాధానం:

6,500 పెట్టి కంప్రెసర్ మాత్రం మార్పించకండి. అలాగని కొత్తదాని కోసం ఇప్పుడే నల్గొండ బస్సెక్కకండి. మోటరు ఆగకుండా నడుస్తోందని మీరే రాశారు. అంటే కంప్రెసర్ లోపలి వైండింగ్ కాలిపోలేదు. ఐస్ కట్టకపోవడానికి ఇంకా మూడు నాలుగు కారణాలుంటాయి, వాటిలో కొన్ని వెయ్యి రూపాయల లోపు పనులే. ముందు ఖర్చుకు ఒక హద్దు గీసుకుని, తర్వాత అసలు జబ్బేమిటో తేల్చుకుందాం.

హద్దు గీయడానికి నేను వాడే లెక్క ఇది. కొత్త ఫ్రిజ్ మీ ఇంట్లో దిగేసరికి జేబులోంచి పోయే అసలు డబ్బు ఎంతో చూడండి. షాపు ధర 16,000, దేవరకొండ దాకా ట్రాలీ కిరాయి ఓ 500, పాతదానికి షాపువాళ్లు తగ్గించేది 1,500 అనుకుంటే నికరంగా 15,000. మన వాడకంలో, మన ఎండల్లో సింగిల్ డోర్ ఫ్రిజ్‌కు నేను పన్నెండేళ్ల ఆయుష్షు వేసుకుంటాను. 15,000ను 12తో భాగిస్తే ఏడాదికి 1,250. కొత్త ఫ్రిజ్ చల్లదనం ఏడాదికి ఆ ధర పడుతుందన్నమాట. మీ పాతదానికి మిగిలినవి మూడేళ్లు. మూడు 1,250లు 3,750. మీ ఫ్రిజ్ మీద ఇప్పుడు పెట్టగలిగిన గరిష్ఠ ఖర్చు అదే. మెకానిక్ చెప్పిన మొత్తం అంతకంటే తక్కువైతే బాగు చేయించుకోండి, ఎక్కువైతే వద్దు.

సూత్రంగా రాసుకుంటే:

```
హద్దు = (కొత్తదాని నికర ధర ÷ 12) × మిగిలిన ఏళ్లు
```

పన్నెండేళ్లు దాటిన ఫ్రిజ్‌కు మిగిలింది సున్నా అని వదిలేయనక్కర్లేదు. బాడీకి తుప్పు పట్టకుండా, తలుపు సరిగ్గా మూసుకుంటూ, గ్యాస్ పైపుల మీద ఇంతవరకు ఎవరూ చెయ్యి వేయకుండా ఉంటే రెండేళ్లు వేసుకోవచ్చు. కింది అంచులు తుప్పు తిని, పక్క రేకులు ఉబ్బి, వానాకాలంలో బయటివైపు చెమట పడుతోందంటే లోపలి ఫోమ్ తడిసిందని అర్థం. అలాంటిదానికి ఒక్క ఏడాది కూడా వేయకండి. ఎందుకంటే మోటరు ఎంత మంచిదైనా ఆ గోడల్లోంచి చల్లదనం కారిపోతూనే ఉంటుంది.

ఇదివరకు ఆ ఫ్రిజ్ మీద పెట్టిన డబ్బును ఈ లెక్కలోకి తేకండి. పోయినేడు రెండు వేలు పెట్టాం కదా, ఇప్పుడెలా వదిలేస్తాం అనుకునే చాలామంది ఇంకో మూడు వేలు పోగొట్టుకుంటారు. ఒకే జబ్బు రెండోసారి వచ్చిందంటే మాత్రం సంగతి వేరు. పోయినేడు గ్యాస్ ఎక్కించి ఈ ఏడు మళ్లీ గ్యాస్ అయిపోతే లీకు అలాగే ఉందన్నమాట. అప్పుడు మిగిలిన ఏళ్లను సగానికి తగ్గించి లెక్క వేయండి.

"కొత్త కంప్రెసర్ వేస్తున్నప్పుడు ఇంకో పదేళ్లు నడవదా, మూడేళ్లే ఎందుకు వేస్తారు" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. కంప్రెసర్ కొత్తదే అయినా పైపులు, వెంట్రుకంత రంధ్రమున్న కేపిలరీ గొట్టం, ఫ్రీజర్ డబ్బా, ఫోమ్, తలుపు రబ్బరు అన్నీ తొమ్మిదేళ్లవే. పైగా పాత కంప్రెసర్ లోపల కాలిపోయి ఉంటే దాని నూనె నల్లబడి, పులిసి, ఆమ్లం పైపులంతా పాకి ఉంటుంది. పైపులను నైట్రోజన్‌తో బాగా కడగకుండా, ఫిల్టర్ మార్చకుండా కొత్త కంప్రెసర్ అతికిస్తే ఆ మురికి దాన్నీ తినేస్తుంది. ఇంటి వసారాలో గంటన్నరలో ముగించే పనిలో ఇంత శుభ్రత దొరకడం అరుదు. పని చేసినవాళ్లు ఇచ్చే గ్యారంటీ కూడా చాలాసార్లు ఏడాదే. అందుకే ఆ ఫ్రిజ్‌కు మిగిలిన ఆయుష్షును కంప్రెసర్ వయసుతో కాక బాడీ వయసుతో కొలుస్తాను.

హద్దు తేలింది కాబట్టి ఇక జబ్బు సంగతి చూద్దాం. ఇక్కడ తొందరపడితే ఎంత మంచి లెక్కయినా తప్పు జవాబే ఇస్తుంది. ముందు చెప్పే గంట పరీక్షకు గ్యాస్ పైపు ముట్టుకునే పని లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్ తీసి, ఫ్రీజర్ డబ్బాను పొడి గుడ్డతో తుడవండి. లోపల ఐస్ ముక్క, నీటి చుక్క మిగలకూడదు. ఐస్‌ను కత్తితోనో చెంచాతోనో గీకకండి. ఆ డబ్బా రెండు పలుచని అల్యూమినియం రేకులు కలిపి, మధ్యలో గ్యాస్ దారులు ఉబ్బించి చేసింది. కత్తి మొన తగిలి బొక్క పడితే ఇంతవరకు లేని జబ్బు మీరే తెచ్చిపెట్టినవాళ్లవుతారు. ఆరిన తర్వాత ప్లగ్ పెట్టి, థర్మోస్టాట్ గుండీని చివరిదాకా తిప్పి, తలుపు మూసి గంట సేపు వదిలేయండి.

గంట తర్వాత వెనక చూడండి. నల్లటి జాలీ ఉన్న ఫ్రిజ్ అయితే పైవరుసలు చెయ్యి పెట్టలేనంత వేడిగా, కిందికి వచ్చేకొద్దీ గోరువెచ్చగా ఉండాలి. జాలీ లేని మోడళ్లలో వేడిని బయటికి వదిలే పైపు పక్క రేకుల లోపల ఉంటుంది కాబట్టి పక్కలు వెచ్చబడాలి. తర్వాత తలుపు తీసి ఫ్రీజర్ డబ్బాను చూడండి. నాలుగు వైపులా సమంగా తెల్లటి నూగు పట్టిందా, ఒక్క మూలనే పట్టిందా, అసలు పట్టలేదా? మీ జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

డబ్బా అంతటా నూగు పట్టి, జాలీ వేడిగా ఉంటే గ్యాసూ బాగుంది, కంప్రెసరూ బాగుంది. చల్లదనం వేరే దారిలో పోతోంది. తలుపు మధ్య ఒక పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. చుట్టూ ప్రతి జానకూ ఒకసారి ఇలా చేయండి. నోటు కొంచెం బిగువుగా రావాలి, జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టు పోయింది. అలాంటి రబ్బరును వెంటనే మార్చేయక్కర్లేదు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, నొక్కి సరిచేస్తే చాలాసార్లు మళ్లీ పట్టుకుంటుంది. చిరిగిపోతే మార్చాలి, సింగిల్ డోర్‌కు ఆరు వందల నుంచి తొమ్మిది వందల వరకు అవుతుంది. వెనక జాలీకి దుమ్ము, బూజు పట్టినా, ఫ్రిజ్‌ను గోడకు ఆనించినా మే నెలలో ఇదే జరుగుతుంది. బయట 44 డిగ్రీలున్నప్పుడు జాలీ తన వేడిని బయటికి వదలలేకపోతే మోటరు రోజంతా తిరిగినా పాలు చల్లబడవు. ప్లగ్ తీసి బ్రష్‌తో దులిపి, గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపడానికి ఖర్చేమీ లేదు.

పైపు లోపలికి వచ్చే మూలన మాత్రమే నూగు పట్టి మిగతా డబ్బా పొడిగా ఉంటే గ్యాస్ తగ్గింది. మీరు చెప్పిన లక్షణాలకు ఎక్కువగా సరిపోయేది ఇదే. థర్మోస్టాట్‌కు చాలినంత చల్లదనం ఎప్పటికీ అందదు, అందుకే అది మోటరును ఆపదు. కాసేపు బాగా నూగు పట్టి, తర్వాత దానంతటదే కరిగిపోయి, ఫ్రిజ్ ఒక పూట ఆపి మళ్లీ వేస్తే తిరిగి పడుతోందంటే గ్యాసులో తేమ చేరింది. ఆ తేమ కేపిలరీ కొసన గడ్డకట్టి దారి మూస్తుంది, ఆపినప్పుడు కరిగి దారి ఇస్తుంది. మెకానిక్‌లు దీన్ని చోక్ అంటారు. ఫిల్టర్ మార్చి, వాక్యూమ్ పట్టి, కొత్త గ్యాస్ ఎక్కిస్తే పోతుంది.

ఎక్కడా నూగు లేదు, జాలీ కూడా చల్లగానే ఉంది, మోటరు మాత్రం తిరుగుతోంది. ఇక్కడే ఇద్దరు దొంగలు ఒకే వేషంలో ఉంటారు. గ్యాస్ పూర్తిగా పోయినా ఇలాగే ఉంటుంది, కంప్రెసర్ లోపలి వాల్వులు అరిగి ఒత్తిడి పుట్టించలేకపోయినా ఇలాగే ఉంటుంది. బయటి నుంచి చూసి, చెవి పెట్టి విని ఏదో చెప్పలేం. మీ మెకానిక్ ఏ పరీక్ష చేసి కంప్రెసర్ అన్నాడో అడగండి. సరైన పరీక్షకు పైపు విప్పి, కంప్రెసర్ గాలి వదిలే వైపు గేజ్ బిగించి, కాసేపు నడిపి ఆపాలి. ముల్లు గబగబా పైకి లేచి, ఆపిన తర్వాత కూడా అక్కడే నిలబడితే కంప్రెసర్ బాగుంది. లేవకపోయినా, లేచి వెంటనే కిందికి జారినా వాల్వులు పోయాయి. ఈ పని చేయకుండా "కంప్రెసర్ పోయింది" అన్న మాట మీద ఆరున్నర వేలు తీయకండి.

మీ ఫ్రిజ్‌కు వర్తించకపోయినా చదివే మిగతావాళ్ల కోసం ఒక ముక్క. మోటరు అసలు తిరగకుండా ఐదారు సెకన్లు గుయ్యిమని, టక్కుమని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అలాగే చేస్తుంటే అందరూ కంప్రెసర్ బిగుసుకుపోయిందనే అంటారు. దాని పక్కన గుచ్చి ఉండే చిన్న రిలే పోయినా లక్షణం అదే. రిలే, ఓవర్‌లోడ్ రెండూ కలిపి నాలుగైదు వందలలోపే. ప్లగ్ తీసి, రిలే ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపల ముక్కలు గలగలలాడతాయి, మంచిదైతే చప్పుడు ఉండదు. కంప్రెసర్‌కున్న మూడు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓములు చూస్తే వైండింగ్ సంగతి కూడా తేలుతుంది. మూడు జతలకు మూడు అంకెలు వస్తాయి, అన్నిటికంటే పెద్దది మిగతా రెండింటి మొత్తానికి సమానంగా ఉండాలి. ఉదాహరణకు 14, 22 వస్తే మూడోది 36 దగ్గర రావాలి. ఏ జతకైనా అంకె రాకపోతే తీగ తెగింది. ఏ పిన్నుకూ కంప్రెసర్ బాడీకీ మధ్య మీటర్ కదలకూడదు, కదిలితే బాడీకి కరెంటు దిగుతోంది, ఆ ఫ్రిజ్ ప్లగ్ మళ్లీ పెట్టకండి. పిన్నులు, రిలే అన్నీ బాగుండి కూడా మోటరు ఎత్తుకోకపోతే, అది గుయ్యిమన్న క్షణంలో సాకెట్ దగ్గర వోల్టేజీ చూడండి. ఊరి చివరి ఇళ్లలో, పాత సర్వీసు వైరున్న ఇళ్లలో 230 ఉండాల్సింది 170కి పడిపోవడం కొత్త కాదు. అలాంటి చోట కొత్త ఫ్రిజ్ తెచ్చినా ఇదే గతి పడుతుంది. ముందు వైరు, న్యూట్రల్ జాయింటు చూపించి, స్టెబిలైజర్ పెట్టుకోవాలి.

మళ్లీ మీ విషయానికి వద్దాం. గ్యాస్ తగ్గిందని తేలితే అది ఎక్కడ నుంచి పోతోందన్నదే అసలు ప్రశ్న. ఫ్రిజ్‌లో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే లీకున్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ ఎక్కిస్తే రెండు నెలలు చల్లబడి మళ్లీ మొదటికొస్తుంది. పైపులో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి, బుడగ లేచే చోటు మీకు చూపించమనండి. వెనక కంప్రెసర్ దగ్గరి అతుకుల్లోనో, బయటికి కనిపించే జాలీలోనో ఉంటే అతికించవచ్చు. ఫ్రీజర్ డబ్బాలో సూది బొక్కయినా అంటించే దారి ఉంది, లేదా డబ్బానే మార్చవచ్చు, కాకపోతే ఖర్చు పెరుగుతుంది. గోడ లోపల, ఫోములో పాతిన పైపులో ఉంటే దాన్ని అందుకోవడం కుదరదు. బయటి నుంచి వేరే జాలీ బిగించి నెట్టుకొచ్చేవాళ్లున్నారు గానీ, తొమ్మిదేళ్ల ఫ్రిజ్‌కు ఆ ఖర్చు నేను చెప్పను. ఆ లీకు గోడలో ఉంటే కొత్తదే.

గ్యాస్ పనికి మీ దగ్గర 2,000 నుంచి 2,800 వరకు అడగవచ్చు. మీ హద్దు 3,750 కాబట్టి అతికించగలిగిన లీకైతే ఇది చేయించుకోదగ్గ పనే. అయితే ఆ డబ్బుకు మూడు పనులు జరగాలి. ఫిల్టర్ తప్పకుండా కొత్తది వేయాలి, అది వందా నూటయాభైది. పైపు తెరిచాక పాత ఫిల్టర్ గాలిలోని తేమ పీల్చేసుకుంటుంది, ఇక పనికిరాదు. రెండోది, వాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట గాలి, తేమ లాగాలి. కొందరు పంపు తేకుండా ఫ్రిజ్ కంప్రెసర్‌తోనే గాలి లాగించి పని కానిచ్చేస్తారు. తేమ లోపలే ఉండిపోతుంది, పైన చెప్పిన చోక్ వచ్చేది దానివల్లే. మూడోది, ఏ గ్యాస్ అన్నది. కంప్రెసర్ మీదో, ఫ్రిజ్ వెనక అట్ట మీదో రాసి ఉంటుంది. ఆర్134ఏ అయితే మామూలు పని. ఆర్600ఏ అయితే జాగ్రత్త, అది మండే గ్యాస్. మోతాదు సింగిల్ డోర్‌కు సాధారణంగా అరవై గ్రాముల లోపే ఉంటుంది, అందుకే చేతి అందాజాతో కాకుండా తూకం వేసి ఎక్కించాలి. పైపులో ఆ గ్యాస్ ఉండగా మంట పెట్టి అతకడం ప్రమాదం. ముందు బయట గాలి ఆడే చోట ఖాళీ చేసి, నైట్రోజన్‌తో తోలి, ఆ తర్వాతే అతకాలి. ఒకదాని బదులు ఇంకో గ్యాస్ కొట్టేస్తానంటే ఒప్పుకోకండి. కంప్రెసర్ నూనె, కేపిలరీ పొడవు ఆ గ్యాసుకే కొలిచి పెట్టినవి.

ఇక కరెంటు. పాత ఫ్రిజ్ కరెంటు తాగేస్తుంది, కొత్తదానికి ఆదా అవుతుందని షాపులో గట్టిగా చెబుతారు. బాగున్న పాత ఫ్రిజ్ విషయంలో ఆ ఆదా పెద్దది కాదు. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. పాతదాని మీద 270, కొత్తదాని మీద 180 ఉందనుకుంటే తేడా 90 యూనిట్లు. యూనిట్ 5 రూపాయల 10 పైసల చొప్పున ఏడాదికి 460 రూపాయలు. దానికోసం 15,000 పెట్టనక్కర్లేదు.

కానీ జబ్బు పడ్డ ఫ్రిజ్‌ను అలాగే నడపడం మాత్రం నిజంగా ఖరీదైన పని. తెలంగాణలో గృహజ్యోతి ఉన్న ఇళ్లు దీన్ని మరీ పట్టించుకోవాలి. నెలకు 200 యూనిట్ల లోపైతే సున్నా బిల్లు, దాటితే దాటిన కొన్ని యూనిట్లకు కాదు, మొత్తానికీ కట్టాలి. మీ ఫ్రిజ్ ఎంత లాగుతోందో మీటరే చెబుతుంది. ఇంట్లో మిగతావన్నీ ఆపి, ఫ్రిజ్ ఒక్కదాన్నే నడవనిచ్చి, మీటర్ మీద మినుకుమినుకుమనే ఎర్ర లైటును పది నిమిషాలు లెక్కపెట్టండి. మీటర్ ముఖం మీద ఒక యూనిట్‌కు ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది, చాలావాటికి 3200 లేదా 1600. 3200 మీటర్‌లో పది నిమిషాలకు 60 మెరుపులు వచ్చాయనుకోండి. గంటకు 360, అంటే యూనిట్‌లో తొమ్మిదో వంతు. ఆగకుండా నడిస్తే రోజుకు 2.7, నెలకు 81 యూనిట్లు. అదే ఫ్రిజ్ ఆరోగ్యంగా ఉండి రోజులో నలభై శాతం సేపే నడిస్తే నెలకు 32 దగ్గర ఆగుతుంది. అదనంగా పోయేవి 49 యూనిట్లు. మామూలుగా 170 యూనిట్లు కాలే ఇల్లు ఆ దెబ్బకు 219కి పోతుంది. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, మిగతా 19కి 7.70 చొప్పున 146, పైన ఫిక్స్‌డ్ చార్జీలు. సున్నా రావాల్సిన చోట పన్నెండు వందల దాకా బిల్లు. రెండు నెలలు ఇలా సాగితే గ్యాస్ పనికి అయ్యేంత డబ్బు కరెంటుకే పోతుంది. అందుకే నిర్ణయం తీసుకునేదాకా చల్లబడని ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి. మీ పది రోజుల్లోనే ఇరవై ఏడు యూనిట్లు అలా పోయి ఉంటాయి.

ఇదే ఫ్రిజ్ వయసు నాలుగేళ్లయి ఉంటే నా జవాబు తిరగబడేది. మిగిలింది ఎనిమిదేళ్లు, హద్దు 10,000. అప్పుడు 6,500 పెట్టి కంప్రెసర్ మార్చుకోవడం సబబే. అంతకుముందు ఇంకో పని ఉంది: వారంటీ కార్డు వెతకాలి. చాలా కంపెనీలు ఫ్రిజ్ మొత్తానికి ఏడాదే ఇచ్చినా కంప్రెసర్‌కు ఐదేళ్లో పదేళ్లో ఇస్తాయి. మీది తొమ్మిదేళ్లది కాబట్టి పదేళ్ల కార్డయితే ఇప్పటికీ చెల్లుతుంది. ఇది తప్పకుండా చూడండి, మీ లెక్క మొత్తం మారిపోవచ్చు. కార్డు దొరక్కపోతే ఫ్రిజ్ లోపలి గోడ మీద స్టిక్కర్‌లో మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి, కంపెనీ సర్వీసుకు ఫోన్ చేసి అవి చెబితే చాలు. సాధారణంగా ఆ వారంటీ కంప్రెసర్ వస్తువుకే వర్తిస్తుంది, గ్యాస్, ఫిల్టర్, కూలి మీవే. అవన్నీ కలిపి 3,750 లోపు వస్తే, బాడీకి తుప్పు లేకపోతే చేయించుకోండి. బయటి మెకానిక్ ఒకసారి పైపు కోశాడంటే కంపెనీవాళ్లు వారంటీ ఒప్పుకోకపోవచ్చు. అందుకని గేజ్ పరీక్షకు పైపు విప్పించే ముందే ఈ ఫోను చేయండి.

అంటే మీకు వరుస ఇలా ఉంటుంది. ఈ రోజు వారంటీ ఫోను, గంట పరీక్ష. నూగు ఒక మూలనే పడితే మెకానిక్‌ను పిలిచి "లీకు చూపియ్యి, అతికేదైతే ఎంతయితదో చెప్పు" అని అడగండి. 3,750 లోపైతే కానిచ్చేయమనండి. ఎంత తీసుకున్నాడో, ఏ గ్యాస్ వేశాడో, ఎన్నాళ్ల గ్యారంటీనో ఒక కాగితం మీద రాయించుకోండి. గేజ్ పరీక్షలో కంప్రెసర్ వాల్వులే పోయాయని తేలి, వారంటీ కూడా లేకపోతే నల్గొండ వెళ్లండి.

వెళ్లేముందు పాతదాని బేరం ఇక్కడా అడగండి. కంప్రెసర్‌లో రాగి, ఇనుము, ఫ్రీజర్‌లో అల్యూమినియం ఉంటాయి కాబట్టి పాత సామాన్లవాళ్లు దానికి ఒక ధర ఇస్తారు. షాపులో ఎక్స్చేంజ్ అని 1,500 తగ్గించి, ఎక్స్చేంజ్ లేనివాళ్లకు అదే మోడల్ ఆ తగ్గింపు ధరకే ఇచ్చే సందర్భాలూ ఉంటాయి. ముందు పాతదాని ఊసెత్తకుండా ఆఖరి ధర అడిగి, ఆ తర్వాతే ఎక్స్చేంజ్ మాట తీయండి. ఆ రెండు అంకెల తేడాయే మీ పాత ఫ్రిజ్‌కు నిజంగా వస్తున్న డబ్బు, నా లెక్కలో 1,500 ఉన్న చోట ఆ అంకె వేసుకోండి.